పాత డాబాపై సౌర ఫలకాలు: బరువు దిమ్మెలా, యాంకర్ బోల్టులా, ఏది మేలు?

ఇప్పటికే కట్టిన భవనంపై సౌర ఫలకాలు పెట్టేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న శ్లాబు వాటి బరువును మోస్తుందా అన్నది. నిజానికి ఫలకమూ ఫ్రేమూ కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోలే ఉంటాయి. అసలు చిక్కు, వాటిని గాలి ఎత్తేయకుండా పట్టి ఉంచడంలో ఉంది.

సెకనుకు 40 మీటర్ల గాలిని తీసుకుంటే దాని పీడనం చదరపు మీటరుకు 98 కిలోలకు సమానం. ఆ పీడనంలో ఎంత వంతు ఫలకాన్ని పైకెత్తుతుందో చెప్పే గుణకం 1 అనుకుంటే, 2 చదరపు మీటర్ల ఫలకాన్ని 196 కిలోల బలం పైకి లాగుతుంది. భద్రత కోసం ఈ గాలి బలాన్ని 1.5 రెట్లు చేసి, సొంత బరువులో 0.9 వంతే లెక్కలోకి తీసుకుంటే, 30 కిలోల ఫలకాన్ని నిలపడానికి దాదాపు 300 కిలోల కాంక్రీటు దిమ్మెలు కావాలి. మూలల్లో, పిట్టగోడల దగ్గర గుణకం ఇంకా పెరుగుతుంది. పక్కకు జారకుండా చూడాలంటే మరికొంత బరువు చేరుతుంది.

అంటే ఫలకం విస్తీర్ణంలో చదరపు మీటరుకు 165 కిలోలు పడుతుంది. మనుషులు తిరిగే డాబాను తరచుగా చదరపు మీటరుకు 150 కిలోల చరభారానికే, అంటే మనుషులు, సామాను వంటి మారే బరువుకే లెక్కిస్తారు కనుక, శ్లాబుకున్న వెసులుబాటును గాలి వీచని రోజుల్లో కూడా ఈ దిమ్మెలే మింగేస్తాయి. వరుసల మధ్య ఖాళీ వల్ల సగటు తగ్గుతుందన్న మాట నిజమే, కానీ దిమ్మెలు శ్లాబు నడిమధ్యన కూర్చుంటే ఆ సగటు పెద్దగా ఆదుకోదు.

బోల్టుల పద్ధతిలో ఈ అదనపు బరువు ఉండదు. నాలుగు ఫలకాల బల్లకు నాలుగు కాళ్లుంటే, అదే లెక్కన ఒక్కో కాలుపై సగటున 270 కిలోల లాగుడు పడుతుంది. వెనుక కాళ్లపై ఇంతకన్నా ఎక్కువే. మంచి కాంక్రీటులో రసాయన యాంకరుకు, అంటే రంధ్రంలో జిగురుతో అతికించిన బోల్టుకు, ఇది పెద్ద పని కాదు. అయితే శ్లాబు మీద వాలు కోసం వేసిన పొరలోనే బోల్టు ఆగిపోతే దానికి పట్టు ఉండదు. కనుక ముందు ఒకచోట తొలిచి, ఆ పొర మందమూ దాని కింద అసలు శ్లాబు మందమూ కొలవాలి. కాళ్లు దూలాల మీదికి వచ్చేలా బల్లను అమర్చి, కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీలను స్కానర్‌తో గుర్తించి, బిగించాక కొన్ని బోల్టులను లాగి పరీక్షించాలి. తుప్పు మరకలున్న చోట, సుత్తితో తడితే బోలు శబ్దం వచ్చే చోట బోల్టు వేయకూడదు. వాటర్‌ప్రూఫింగ్ పొరకు పడిన ప్రతి రంధ్రాన్నీ తిరిగి మూయాలి. చాలా చోట్ల పని చెడేది ఇక్కడే.

శ్లాబు సామర్థ్యం కాగితాల్లో దొరకని పాత కట్టడానికి, కాంక్రీటు గట్టిగా ఉంటే, దూలాలకు బిగించిన బోల్టులే మేలని నా అభిప్రాయం. తక్కువ వాలుతో, వెనుకవైపు మూసిన ఫ్రేముకు గాలి సొరంగ పరీక్షల్లో గుణకం 0.4 అని తేలితే, మధ్య వరుసల్లో పైకి లాగే బలాన్ని ఆపడానికి ఒక్కో ఫలకానికి సుమారు 100 కిలోల దిమ్మెలు సరిపోతాయి. శ్లాబును తొలవడానికి వీల్లేని చోట, దాని సామర్థ్యం లెక్కలో తేలిన తరువాత, ఆ దారి సబబే. అప్పుడు కూడా అంచుల వరుసలను వేరుగా లెక్కించాలి, లేదా ఆ మేర డాబాను ఖాళీగా వదలాలి.