బోరు మోటారుకు కెపాసిటర్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆరేళ్ల కిందట మా బోరులోని 5 హెచ్‌పీ మోటారుకు స్టార్టరు పెట్టెలో 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించిన రోజున, టాంగ్ టెస్టర్‌లో లైను కరెంటు 8.5 ఆంపియర్ల నుంచి 7కు దిగడం చూసి కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. నీటి ధార ఏమాత్రం తగ్గలేదు.

ఆ 8.5లో నీటిని తోడే పనికి వెళ్లేది సుమారు 6.4 ఆంపియర్లు మాత్రమే. మిగిలిన 5.6 ఆంపియర్ల భాగం మోటారు చుట్టల్లో అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టి, అక్కడ చేరిన శక్తిని మళ్లీ లైనులోకి తోసేస్తూ ఉంటుంది. ఈ రెండూ లంబకోణ త్రిభుజపు భుజాల వంటివి కాబట్టి కర్ణం 8.5 అయింది, మొత్తం కరెంటులో పనికి వెళ్లే భాగపు నిష్పత్తి, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.75. చుట్టలు శక్తిని వదిలే క్షణంలోనే కెపాసిటర్ దాన్ని నింపుకొంటుంది, చుట్టలు అడిగే క్షణంలో తిరిగి ఇస్తుంది. అలా 2.8 ఆంపియర్లు ఆ రెండింటి మధ్యనే తిరగడంతో లైనుకు మిగిలిన భారం తగ్గి, పవర్ ఫ్యాక్టర్ 0.91కి చేరింది.

అయితే కెపాసిటర్ దాటిన తర్వాత మోటారుకు వెళ్లే కేబుల్‌లో కరెంటు మునుపటి 8.5 ఆంపియర్లే. ఈ సంగతిని పట్టించుకోకపోవడం వల్లనే రెండో వేసవిలో నా మోటారు కాలిపోయింది. కెపాసిటర్‌ను, మోటారు మితిమీరి కరెంటు లాగితే సరఫరా ఆపే ఓవర్‌లోడ్ రిలే తర్వాత, మోటారు వైపున కలిపారు. రిలే అమరిక మాత్రం పాత 9 ఆంపియర్ల దగ్గరే ఉండిపోయింది. బోరులోకి ఇసుక చేరి పంపు బిగుసుకున్నప్పుడు మోటారు 10.2 ఆంపియర్లు లాగుతున్నా, కెపాసిటర్ భాగం పోగా రిలేకు కనిపించింది 8.8 మాత్రమే. అది తెగలేదు, చుట్టలు మాడిపోయాయి. రీవైండింగ్ చేయించాక కెపాసిటర్ తీగలను కాంటాక్టరుకు, రిలేకు మధ్యకు మార్పించాను. ఇప్పుడు రిలేకు మోటారు కరెంటు మొత్తం కనిపిస్తుంది.

వోల్టేజి బాగా పెరుగుతుందని అప్పట్లో పక్క పొలాల వారికి చెప్పాను. ఆ మాటను కొంత సవరించుకోవాలి. మా దగ్గర పెరుగుదల ఒకటి రెండు వోల్టులకు మించలేదు. పైగా కెపాసిటర్ ఇచ్చే సాయం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, 415 వద్ద 2 కేవీఏఆర్ ఇచ్చేది 340కి పడిపోయినప్పుడు 1.3 మాత్రమే ఇస్తుంది. అంటే అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే దాని బలం తగ్గుతుంది. యూనిట్ల మీటరులోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లైను తీగల్లో నా కరెంటు వల్ల పుట్టే వేడి సుమారు మూడో వంతు తగ్గింది గానీ, ఆ తీగలు మీటరుకు అవతల ఉన్నాయి.

ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, ఒకే లైను మీద చాలా మోటార్లు ఉన్న మా వంటి చోట అందరూ పెట్టించుకుంటే దీని విలువ తెలుస్తుందని నా అభిప్రాయం. కేవీఏహెచ్ లెక్కన, అంటే పనికి వెళ్లే భాగాన్నే కాక లాగిన మొత్తం కరెంటును బట్టి, బిల్లు కట్టే మిల్లు వారికైతే ఒక్కరు పెట్టుకున్నా లాభమే. నేను మాత్రం ప్రతి పంటకు ముందు కెపాసిటర్‌కు ఇటూ అటూ టాంగ్ టెస్టర్ పెట్టి చూస్తాను. నిరుడు రెండు చోట్లా 8.5 వచ్చింది, డబ్బా పైకి బాగానే ఉన్నా కెపాసిటర్ పనిచేయడం లేదని అలాగే తెలుసుకొని మార్పించాను.