కోట్ ఫ్రెంచ్ పదాల మీదా, తెలుగు పదాల మీదా?

విజయనగరంలో జూట్ మిల్లుకి ఫ్రెంచ్‌లో ఉన్న యంత్రం మాన్యువల్ వచ్చిందనుకోండి. దాన్ని తెలుగులోకి అనువదించడానికి మీరు కోట్ ఇవ్వాలి. 3,000 పదాలు, రేటు పదానికి 3 రూపాయలు.

మూలంలోని ఫ్రెంచ్ పదాల లెక్కన 9,000 రూపాయలు. పని మొదలెట్టకముందే ఇద్దరికీ తెలుస్తుంది. తెలుగు లెక్కన అనువాదం పూర్తయితేగానీ మొత్తం తేలదు. పైగా ఫ్రెంచిలో విడిగా ఉండే 'దాన్ లా మషీన్' అనే మూడు పదాలు తెలుగులో 'యంత్రంలో' అనే ఒక్క పదమైపోతాయి. 2,000 పదాలే తేలితే చేతికొచ్చేది 6,000. అందుకే మూలం లెక్కే మేలు. స్కాన్ కాపీలో పదాలు లెక్కపెట్టడం కుదరనప్పుడే రెండోది, అదీ రేటు పెంచి.

వర్డ్ సాఫ్ట్‌వేర్ చూపే పదాల లెక్క బొమ్మల్లోని అక్షరాలను వదిలేస్తుంది. అవి చేత్తో లెక్కపెట్టి కలపాలి. పట్టికల అమరికకు గంటల లెక్కన వేరే రేటు వెయ్యండి.

రోజుకు 1,500 పదాలైతే అనువాదానికి రెండు రోజులు, సరిచూపుకీ అమరికకీ ఇంకొకటి. గడువు ఫైలు అందిన మర్నాటి నుంచని కోట్‌లోనే రాయండి.