మెట్లు దిగితే మోకాలిచిప్ప నొప్పి: పరుగు ఆపేయాలా, తగ్గించి కొనసాగించాలా?

మెట్లు ఎక్కేటప్పుడు అంతగా తెలియదు. దిగేటప్పుడు మాత్రం చిప్ప వెనకాలో చుట్టూనో సలుపుతుంది. సినిమా హాల్లో చాలాసేపు కూర్చుని లేచినా, గొంతుక్కూర్చున్నా అదే నొప్పి. దెబ్బేమీ తగల్లేదు, వాపు లేదు. సరదాగా పరిగెత్తేవాళ్లలో ఈ నొప్పి చాలా మామూలు. కర్నూలులో ఫిజియోగా నా దగ్గరికి దీనితో వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పరుగు మానేయాలా సార్?"

ముందు నొప్పి సంగతి చూద్దాం. మెట్టు దిగేటప్పుడు పై కాలు వంగుతూ ఒళ్లంతటి బరువును మెల్లగా కిందికి దించాలి. ఆ పని తొడ ముందు కండరానిది. మోకాలు వంగేకొద్దీ ఆ కండరం చిప్పను తొడ ఎముక మీదికి గట్టిగా అదుముతుంది. వాలులో కిందికి పరిగెత్తినా జరిగేది ఇదే. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పెరిగితే ఆ చోటు నొప్పిగా మారుతుంది. గుజ్జు అరిగిపోయిందని భయపడక్కర్లేదు. సాధారణంగా ఎక్స్‌రే కూడా అవసరం పడదు.

పూర్తిగా ఆపేస్తే ఒక మేలు ఉంది, సలుపు త్వరగా తగ్గుతుంది. మామూలుగా నడిచినా నొప్పి పుడుతుంటే కొన్ని రోజులు ఆపడమే సరి. కానీ వారాల తరబడి మానేస్తే తొడ కండరం బలం కూడా తగ్గుతుంది. నొప్పి పోయింది కాబట్టి మోకాలు పాత బరువుకు సిద్ధంగా ఉందనుకుంటాం. అది సిద్ధంగా ఉండదు.

ఒక బ్యాంకు ఉద్యోగి విషయంలో సరిగ్గా అదే జరిగింది. వయసు నలభైకి దగ్గర. వారానికి మూడు రోజులు స్టేడియంలో 5 కిలోమీటర్లు పరిగెత్తేవాడు. 10 కిలోమీటర్ల పోటీకి పేరిచ్చి, వారానికి ఐదు రోజులు చేశాడు. అందులో రెండు రోజులు జగన్నాథ గట్టు అనే కొండ ఎక్కి దిగడం. మూడో వారానికి ఇంటి మెట్లు దిగడమే కష్టమైంది. నెల పాటు ఆపేస్తే నొప్పి పోయింది. మళ్లీ మొదలుపెట్టిన రోజే 5 కిలోమీటర్లు పరిగెత్తాడు, మర్నాటికి నొప్పి మళ్లీ మొదలైంది.

రెండో దారిలో పరుగు ఆగదు, కొలత మారుతుంది. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోవాలి. పరిగెత్తేటప్పుడు 2 దాటకూడదు, మర్నాడు పొద్దున మెట్లు దిగితే మామూలు కంటే ఎక్కువ ఉండకూడదు. నేను ఎక్కువగా నమ్మేది ఆ పొద్దుటి మెట్లనే. పరుగు వేడిలో నొప్పి సరిగా తెలియదు.

ఆయనకు రోజు విడిచి రోజు, చదును నేల మీద, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, మొత్తం 20 నిమిషాలు చెప్పాను. రెండుసార్లు పొద్దుటి మెట్లు బాగుంటే రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక, ఆ తర్వాత మూడుకు ఒకటి. మూడో వారంలో స్నేహితులతో పోటీపడి వేగం పెంచాడు. నొప్పి 5కి పోయింది, మర్నాడూ తగ్గలేదు. రెండు రోజులు ఆగి, ఒక మెట్టు వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. ఆరో వారం చివరికి 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలిగాడు.

అడుగులు కాస్త చిన్నవిగా, త్వరత్వరగా వేయమన్నాను. అదే వేగంలో నిమిషానికి పడే అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెరిగితే చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది. వారానికి మూడు రోజులు వ్యాయామం కూడా ఉండేది. ఒక పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం తుంటి పక్క కండరాలకు. జానెడు కంటే తక్కువ ఎత్తున్న మెట్టు మీద నిలబడి, మోకాలు లోపలికి వాలకుండా మెల్లగా రెండో కాలి మడమ నేలకు ఆనించడం తొడకు.

వ్యాయామం లేకుండా కొలత మార్చడం ఒక్కటే సరిపోతుందా? 2018లో వచ్చిన ఒక కెనడా పరిశోధనలో ఈ నొప్పి ఉన్న 69 మంది పరుగు మనుషులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పరుగు కొలత సరిచూసుకోవడం మాత్రమే నేర్పారు. మిగతా రెండిటికి దానితో పాటు వ్యాయామమో పరుగు తీరు మార్పో కలిపారు. ఎనిమిది వారాలకు మూడు జట్లూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. అందుకే రోజుకు పది నిమిషాలే దొరికేవాళ్లను ముందు కొలత సరిచేసుకోమంటాను. అయినా గట్టుకు తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకు వ్యాయామం వదలొద్దని చెబుతాను, వాలు దిగడానికి తొడలో బలం కావాలి.

కాబట్టి నా ఓటు తగ్గించి కొనసాగించడానికే. అయితే మోకాలు వాచినా, మడత పడి ఇరుక్కున్నా, నడుస్తుంటే చటుక్కున జారిపోతున్నట్టున్నా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా ఈ రెండు దారులూ కావు, ఎముకల డాక్టర్‌కు చూపించాలి.

తిరిగి వచ్చే క్రమంలో ముందు సమయం పెంచాలి, తర్వాత వేగం, గట్టు ఆఖరున. గట్టు మొదలుపెట్టిన రోజుల్లో పైకి పరిగెత్తి, కిందికి నడిచి దిగాలి.