కేబినెట్ బాగుంది, బటన్ వైరే ఏడిపించింది

గుంటూరు బ్రాడీపేటలో మా డీటీపీ షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచే అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఇది. ఈ కేబినెట్ కొన్నేళ్లుగా వాడుతున్నాం. గాలి బాగా ఆడుతుంది, ముందు జాలీ సులువుగా ఊడొస్తుంది, మే నెల ఎండల్లో కూడా వేడికి ఆగిపోయింది లేదు. లోపలి రేకు అంచులు మాత్రం చాకులా ఉంటాయి. చివరికి తంటా అంతా వాటితోనే వచ్చింది.

ఒకసారి దుమ్ము దులిపి మూత బిగించాక బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ హాయిగా తిరిగాయి. మానిటర్‌లో ఏమీ రాకముందే సిస్టమ్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ కావాలంటే రెండుమూడుసార్లు నొక్కాల్సి వచ్చేది. "ఎస్ఎంపీఎస్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు రిపేరు అబ్బాయి. తన షాపుకు తీసుకెళ్లి మూత తీసి ఆన్ చేస్తే సాయంత్రం దాకా ఆగలేదు. మా షాపుకు తెచ్చి మూత వేస్తే మళ్లీ అదే వరస. పెళ్లి కార్డుల సీజన్ కావడంతో టెన్షన్ మామూలుగా లేదు.

ముందు ప్రాసెసర్ పక్కనుండే ఎనిమిది పిన్నుల పవర్ కేబుల్ చూశాం. అది సరిగా కూర్చోకపోతే ఫ్యాన్లకు కరెంటు వెళ్తుంది కానీ ప్రాసెసర్‌కు అందదు. కొన్ని బోర్డులు బొమ్మ లేకుండా అలాగే తిరుగుతుంటాయి, కొన్ని ఆగిపోతాయి. మాది క్లిప్పు పడేదాకా గట్టిగానే ఉంది. బోర్డు కింద స్టాండాఫ్ తగిలి పెద్ద షార్ట్ అయితే ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి వెంటనే ఆపేస్తుంది. అప్పుడు ఫ్యాను కాస్త కదిలి ఆగుతుంది, ఇన్ని సెకన్లు తిరగదు.

మాకు దారి చూపింది ఆ సెకన్లే. ప్రతిసారీ నాలుగైదు సెకన్లకే ఆగేది. పవర్ బటన్‌ను అంతసేపు నొక్కి పట్టుకుంటే ఏ డెస్క్‌టాప్ అయినా ఆగిపోతుంది, విండోస్‌తో పనిలేదు. అంటే బటన్ వదిలేసినా, నొక్కి పట్టుకున్నట్టే బోర్డుకు అనిపిస్తోందన్నమాట.

బోర్డు మీద PWR_SW అని రాసిన చోటి నుంచి కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించాం. మూత వేసి ఉంచినా సిస్టమ్ ఆగలేదు. ఇక అనుమానం లేదు. ఫ్రంట్ ప్యానెల్ విప్పి చూస్తే బటన్ వెనక వైరు రేకు అంచుకు ఒరుసుకుని, తొడుగు చీలి, లోపలి రాగి కనిపించింది. కేబినెట్ రేకు గ్రౌండే కాబట్టి, ఆ వైరు దానికి తగిలితే బటన్ నొక్కినట్టే లెక్క. మూత బిగిస్తే వైరు అంచుకు నొక్కుకునేది, తీస్తే వదులయ్యేది. అందుకే రిపేరు షాపులో అంత బుద్ధిగా నడిచింది.

చీలిన చోట హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, వైరును అంచుకు దూరంగా జిప్ టైతో కట్టాం. అప్పటినుంచి ఆ జబ్బు మళ్లీ రాలేదు, పాత ఎస్ఎంపీఎస్సే నడుస్తోంది. చేతిలో స్లీవ్ లేకపోతే రీసెట్ బటన్ కనెక్టర్‌ను PWR_SW పిన్నులకు పెట్టుకున్నా పని జరుగుతుంది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. గాలికి, జాలీకి పూర్తి మార్కులు. తగ్గించింది మొత్తం ఆ అంచులకే. కొనేవాళ్లు బోర్డు బిగించకముందే వాటిమీద రబ్బరు పట్టీ వేయించుకోండి.