పరికరాలు లెక్కపెట్టి 300 ఎంబీపీఎస్ ప్లాన్ అంటగడుతున్నారు, ఏడాది డబ్బు కట్టేముందు చూసుకోండి

కొత్తగా ఫైబర్ కనెక్షన్ తీసుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఏడాది డబ్బు ఒకేసారి కట్టబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. విజయవాడలో మా తమ్ముడి ఇంట్లో జరిగింది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలా అమ్మేది ఆ ఒక్కరే కాదు కాబట్టి పేరుకన్నా పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

ప్లాన్ అమ్మడానికి వచ్చిన కుర్రాడు ముందుగా అడిగింది ఒకటే: "ఇంట్లో వైఫై వాడేవి మొత్తం ఎన్ని ఉన్నాయి సార్?" ఫోన్లు ఐదు, ల్యాప్‌టాప్‌లు రెండు, టీవీలు రెండు, కెమెరాలు రెండు, వాచీలు రెండు, ట్యాబ్ ఒకటి, స్పీకర్ ఒకటి, మొత్తం పదిహేను. "ఒక్కోదానికి 20 వేసుకున్నా 300 కావాలి. అంతకంటే తక్కువ తీసుకుంటే బఫరింగ్ తప్పదు" అన్నాడు. నెలకు 999 చొప్పున, 18 శాతం జీఎస్టీతో కలిపి ఏడాదికి 14,146 రూపాయలు కట్టించుకున్నారు. అదే కంపెనీ 100 ఎంబీపీఎస్ ప్లాన్ నెలకు 699. అది తీసుకుని ఉంటే జీఎస్టీతో కలిపి 9,898తో పోయేది.

ఇంత కట్టాక కూడా సాయంత్రం ఎనిమిదింటికి తమ్ముడు అమెరికా క్లయింట్‌తో కాల్‌లో ఉంటే మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. మరదలు కూడా కాల్‌లో ఉంటే ఇద్దరి వీడియోలూ ఆగిపోతున్నాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "పరికరాలు ఎక్కువయ్యాయి, 500 ప్లాన్‌కి మారండి."

పదిహేనింటిని ఇరవైతో గుణించడం లెక్కే కాదు. ఊరికే పడి ఉన్న ఫోను మెసేజ్‌లు, నోటిఫికేషన్ల కోసం వాడేది చాలా తక్కువ. వాచీలు, స్పీకర్ల సంగతీ అంతే. లెక్కపెట్టాల్సింది ఇంట్లో ఉన్న పరికరాలను కాదు, ఇల్లంతా హడావుడిగా ఉండే ఆ ఒక్క గంటలో ఏకకాలంలో నడిచేవాటిని. తమ్ముడి ఇంట్లో ఆ గంట రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది. ఆ సమయంలో హాల్లో అమ్మ 4కే టీవీలో సినిమా చూస్తుంది. దానికి నెట్‌ఫ్లిక్స్ సూచించేది 15 ఎంబీపీఎస్. నాన్నగారు ఫోన్‌లో యూట్యూబ్ ఫుల్ హెచ్‌డీలో చూస్తారు, దానికి 5. తమ్ముడి కాల్‌కు, మరదలి కాల్‌కు హెచ్‌డీలో పైలెక్కన చెరో 4 వేద్దాం. పాప ట్యాబ్‌లో ట్యూషన్ క్లాసుకు 3. అన్నీ కలిపితే 31. ఎవరో ఫోన్ అప్‌డేట్ పెడతారు, చుట్టం వచ్చి వైఫై అడుగుతాడు, అందుకని ఇంకో సగం కలుపుకున్నా 50 దాటదు. అంటే ఈ ఇంటికి 100 ప్లాన్ ధారాళంగా సరిపోతుంది.

మరి 300 ఉన్న ఇంట్లో కాల్స్ ఎందుకు ఆగుతున్నాయి? ఇప్పటిదాకా వేసింది ఇంట్లోకి వచ్చే డేటా లెక్క. వీడియో కాల్‌లో మన ముఖం, మన మాట బయటికి వెళ్లాలి, అది అప్‌లోడ్. ఆ గంటలో తమ్ముడివి 4, మరదలివి 4, పాప కెమెరా ఆన్ చేస్తే 2, రికార్డింగ్‌ను నిరంతరం క్లౌడ్‌లోకి పంపే రెండు కెమెరాలకు చెరో 2. మొత్తం 14. వాళ్ల కనెక్షన్‌లో అప్‌లోడ్ ఎంతో కొలిస్తే 10 వచ్చింది! కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 300 డౌన్‌లోడ్ మాత్రమే. అప్‌లోడ్ సంగతి అందులో ఎక్కడా లేదు. చాలా ఫైబర్ ప్లాన్లలో రెండూ సమానంగా ఇస్తారు కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటాం. కానీ ఇలా కోత పెట్టేవాళ్లూ ఉన్నారు.

అప్‌లోడ్ నిండిపోతే ఇబ్బంది కాల్స్‌తో ఆగదు. మన ఫోను వెబ్‌సైట్‌కు పంపే ప్రతి అభ్యర్థన, డేటా అందిందని వెనక్కి చెప్పే ప్రతి చిన్న సందేశం కూడా ఆ దారినే వెళ్లాలి. అవి రౌటర్‌లో క్యూ కట్టి ఆలస్యమైతే, డౌన్‌లోడ్ ఎంత ఖాళీగా ఉన్నా పేజీలు తెరుచుకోవడం మానేస్తాయి. ఆ సమయంలో ఎవరి ఫోన్‌లోనైనా ఫొటోల బ్యాకప్ మొదలైతే ఇల్లంతా నెట్ పోయినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని స్పీడ్ తక్కువైందనుకుని పెద్ద ప్లాన్ కొంటారు. ఇక్కడే మోసపోతున్నాం. పెద్ద ప్లాన్‌లో అప్‌లోడ్ పెరగకపోతే ఒక్క పైసా ప్రయోజనం ఉండదు.

ఇంకో విషయం కూడా బయటపడింది. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే, పొద్దున చేసినా అర్ధరాత్రి చేసినా డౌన్‌లోడ్ 94 దగ్గరే ఆగిపోతోంది. ఇలా 94, 95 దగ్గర గీత గీసినట్టు ఆగితే ముందు పోర్టునే అనుమానించాలి. వాళ్లు ఇచ్చిన రౌటర్‌లో కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ మించి పంపలేని రకం. 1000 వరకు పంపే గిగాబిట్ పోర్టు కాదు. కాబట్టి కేబుల్ మీద 300 ఎప్పటికీ రాదు. విండోస్ 11లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్ తెరిస్తే `Link speed (Receive/Transmit)` అనే చోట `100/100 (Mbps)` అని కనిపించింది. ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌దే అయినా ఒక్కోసారి కేబుల్ లోపం వల్ల కూడా ఇలా చూపిస్తుంది, అందుకే ఇంకో మంచి కేబుల్‌తో కూడా చూశాం, మారలేదు. వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ అదే బ్యాండ్‌లో కొట్టుకుంటాయి, బెడ్‌రూమ్‌లో 30 వస్తే గొప్ప. అంటే ఆ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా అందని 300కు ఏడాది డబ్బు కట్టించుకున్నారు. రౌటర్ ఏదో, దాని పోర్టు ఏదో అమ్మినవాళ్లకు తెలియకుండా ఉండదు, నాకు అన్నిటికంటే కోపం వచ్చింది అందుకే.

ప్రస్తుతానికి కెమెరాలను కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మార్చాం, ఫోన్ల బ్యాకప్ సాయంత్రాలు ఆపేసి రాత్రి పడుకున్నాక నడిచేలా పెట్టాం, కాల్ యాప్‌లలో హెచ్‌డీ ఆపేశాం. హెచ్‌డీ లేకపోతే ఒక్కో కాల్ అప్‌లోడ్ సుమారు 1కి దిగుతుంది. ఇప్పుడు కాల్స్ ఆగడం లేదు. ప్లాన్ మార్చలేదు, మారిస్తే మిగిలిన డబ్బు తిరిగి రాదన్నారు.

మీ ఇంటికి ఎవరైనా వచ్చి పరికరాలు లెక్కపెట్టడం మొదలుపెడితే ఆపి, మీ రద్దీ గంట లెక్క మీరే వేసుకోండి, రాకకొకటి, పోకకొకటి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. అప్‌లోడ్ ఎంత? ఇచ్చే రౌటర్‌కు గిగాబిట్ పోర్టు, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్నాయా? నెల డేటా పరిమితి దాటాక స్పీడ్ ఎంతకు పడిపోతుంది? జవాబులు నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో పెట్టమనండి. పెట్టడానికి వెనకాడితే వదిలేయండి. మొదటి కొన్ని నెలలు నెలవారీగానే కట్టండి, ఏడాది ఆఫర్ తర్వాత కూడా దొరుకుతుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు కంపెనీలో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. కేబుల్‌తో చేసిన స్పీడ్ టెస్టుల స్క్రీన్‌షాట్లు తేదీ, సమయంతో సహా దాచుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తమ్ముడి ఫిర్యాదు ఇప్పుడు అప్పీలు దశలో ఉంది, రౌటర్ మార్చి ఇవ్వమని, లేదా 100 ప్లాన్‌కు మార్చి తేడా 4,248 తిరిగి ఇవ్వమని అడిగాం.