అమీర్‌పేటలో వన్ మినిట్ స్కాల్పింగ్ కోర్సు కొనబోతున్నవాళ్లు ముందు ఈ లెక్క చూడండి

నేను రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో అకౌంట్స్ చూస్తాను. రోజంతా బిల్లులు, జీఎస్టీ, డిస్కౌంట్లే నా పని. అలాంటి నేనే 25 వేలు పెట్టి క్రిప్టో స్కాల్పింగ్ కోర్సు కొని, మూడు వారాల్లో ఇంకో 34 వేలు పోగొట్టుకున్నాను. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. అక్కడ నేర్పేది పూర్తిగా అబద్ధం అని కూడా అనను. అబద్ధమైతే మొదటి రోజే పట్టుకునేవాణ్ని. చిక్కంతా అది సగం నిజం కావడంలోనే ఉంది.

నేర్పింది ఇది: ఒక నిమిషం చార్టులో ధర ఫలానా లైను దాటగానే మార్కెట్ ఆర్డర్‌తో, అంటే ఆ క్షణం దొరికిన ధరకే కొనాలి, 0.15 శాతం పెరగ్గానే అమ్మేయాలి, 0.10 శాతం తగ్గితే నష్టానికైనా అమ్మేసే స్టాప్‌లాస్. పదిలో నాలుగు గెలిచినా అసలు పోదు, ఐదు గెలిస్తే లాభమే అన్నారు. క్లాసులో డెమో అకౌంట్ మీద చేస్తే నిజంగానే పదిలో ఐదారు గెలిచాయి. ఆ డెమోలో ఫీజు లేదు. పైగా చార్టులో చివరిగా కనబడిన ధరకే ఆర్డర్ పూర్తయిపోయేది. ఆ రెండూ అప్పుడు నాకు తట్టలేదు.

ముందు స్పాట్‌లోనే, అంటే కాయిన్‌నే నేరుగా కొని అమ్మే పద్ధతిలో చేద్దామనుకున్నాను. అక్కడ 2022 జులై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ కోస్తున్నారు. లక్షకు అమ్మితే వెయ్యి పోతుంది, మన టార్గెట్ చూస్తే 150. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. ఇరవైసార్లు తిప్పితే పెట్టుబడిలో 18 శాతం దాకా అక్కడే ఇరుక్కుంటుంది. గెలిచిన ట్రేడు మీద 30 శాతం పన్ను, ఓడినదాన్ని అందులో తగ్గించుకునే వీలు లేదు. ఇవన్నీ అడిగితే కోర్సు చెప్పే సర్ నవ్వి, "అందుకే ఫ్యూచర్స్ చెయ్ తమ్ముడూ" అన్నాడు. యాప్ లింక్ ఆయనే పంపాడు. ఆ లింక్ సంగతి తర్వాత చెప్తాను.

60 వేలు వేశాను. ఒక్కో ట్రేడుకు 10 వేల మార్జిన్, పది రెట్లు లెవరేజ్, అంటే లక్ష రూపాయల పొజిషన్. ఫీజు 0.05 శాతమే అని చూసి చిల్లర అనుకున్నాను. ఆ ఫీజు నా పది వేల మీద కాదు, లక్ష మీద. కొన్నప్పుడు 50, అమ్మినప్పుడు 50, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 118 రూపాయలు.

ఇక స్ప్రెడ్. నేను ఆడిన కాయిన్‌లో చార్టు మీద 100 అని కనబడుతుంటే, ఆర్డర్ బుక్‌లో కొనేవాడి ధర 99.99, అమ్మేవాడిది 100.01 ఉండేది. మార్కెట్ ఆర్డర్ కొడితే 100.01కి వస్తుంది, ఆ క్షణమే అమ్మితే 99.99కి పోతుంది. లక్ష మీద 20 రూపాయలు. అదీ మార్కెట్ నెమ్మదిగా ఉన్నప్పటి సంగతి. అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలు వచ్చే సాయంత్రం ఆ రెండు ధరలూ ఎంత దూరం జరుగుతాయో ఒకసారి ఆర్డర్ బుక్ తెరిచి చూడండి.

ఇప్పుడు కలపండి. గెలిస్తే 150 వస్తుంది, ఖర్చు 138 పోను మిగిలేది 12 రూపాయలు. ఓడితే 100 నష్టానికి 138 తోడై 238. ఒక్క ఓటమిని పూడ్చడానికి దాదాపు ఇరవై గెలుపులు కావాలి. నలభై శాతం గెలిస్తే చాలన్న పద్ధతికి అసలు కావలసింది 95 శాతం! కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడంటారు, నా గెలుపులన్నీ ఆ బాపతే.

ఇది నాకు మూడో వారం ఆదివారం తెలిసింది. ట్రేడ్ హిస్టరీ ఫైలు దించుకుని షాపు లెడ్జర్‌లాగే కూడి చూశాను. పదిహేడు సాయంత్రాలు, 340 ట్రేడులు, 187 గెలుపులు. అంటే నూటికి 55, సర్ చెప్పినదానికంటే ఎక్కువే. లాభనష్టాల కాలమ్ కింద మొత్తం దాదాపు 6 వేలు ప్లస్. పక్కనే ఫీజు కాలమ్, దాని కింద 40 వేల పైచిలుకు మైనస్. రోజూ యాప్‌లో పచ్చగా మెరిసే అంకెలో ఈ రెండో కాలమ్ కలవదు. బ్యాలెన్స్ ఎందుకు తగ్గుతోందో తెలియక ఇన్నాళ్లూ స్టాప్‌లాస్ సరిగ్గా పెట్టడం లేదేమో అనుకున్నాను.

"మనం చెప్పిన ధరకే కొనే లిమిట్ ఆర్డర్ పెడితే ఫీజు తక్కువ కదా" అని మీరు అడుగుతారు. నిజమే, 0.02 శాతమే. కానీ స్టాప్‌లాస్ మామూలుగా మార్కెట్ ఆర్డర్‌గానే వెళ్తుంది. ఆ లెక్కన కూడా నూటికి 65 గెలవాలి. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. మన ఆర్డర్ కింద కాచుకుని ఉంటే, ధర మనల్ని తాకకుండా పైకి పోయే మంచి ట్రేడులు మనకు అందవు. మనల్ని తాకి ఇంకా కిందికి జారేవి మాత్రం తప్పకుండా అందుతాయి. ఆ తర్వాత ఒక వారం కాగితం మీద అలా చేసి చూశాను, అందకుండా పోయినవి రాసి పెట్టుకుంటే వాటిలో ఎక్కువ భాగం టార్గెట్ కొట్టినవే.

ఫైలును టైము ప్రకారం పేర్చి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. నేను కూర్చునేది రాత్రి ఎనిమిది నుంచి పదకొండు. మూడు గంటలంటే చార్టులో నిమిషానికొకటి చొప్పున 180 క్యాండిళ్లు, ప్రతి దానికీ కొనాలా వద్దా అని ఒక నిర్ణయం. తొమ్మిది లోపు ట్రేడుల మధ్య పది, పదిహేను నిమిషాల ఎడం ఉంది. పది దాటాక రెండు నిమిషాలు కూడా లేదు. ఒకచోట స్టాప్‌లాస్ తగిలిన 40 సెకన్లకే మళ్లీ కొన్నాను, అప్పుడు చార్టులో సిగ్నలే లేదు. ఆ రాత్రి మా ఆవిడ "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది" అని మూడుసార్లు పిలిచింది. ఒక్క నిమిషం అంటూనే పదకొండు చేశాను. ఎండిపోయిన ముద్దపప్పు నాకు బాగా గుర్తుంది.

ఇప్పుడు ఆ లింక్ సంగతి. నా యాప్‌లోనే రెఫరల్ అని ఒక పేజీ ఉంది. మనం చేర్చిన మనిషి కట్టే ఫీజులో మనకు వాటా వస్తుందని అందులోనే రాసి ఉంది. అతను గెలిచాడా ఓడాడా అన్నదాంతో ఆ వాటాకు పనిలేదు, ఎన్నిసార్లు తిప్పాడన్నదే లెక్క. సర్ ఐదు నిమిషాల చార్టు కూడా వద్దని ఒక నిమిషానికే ఎందుకు పట్టుబట్టాడో అప్పుడు అర్థమైంది. టార్గెట్ 1.5 శాతం ఉన్న ట్రేడుకైనా ఖర్చు అదే 138. కాకపోతే రోజుకు ఇరవై ట్రేడులు దొరకవు.

ఎవరైనా కోర్సు అమ్మితే స్క్రీన్‌షాట్ చూడకండి. ఒక నెల ట్రేడ్ హిస్టరీ ఫైలు, ఫీజు కాలమ్‌తో సహా అడగండి. యాప్‌లో వాళ్ల లింక్ ద్వారానే చేరాలంటే ఎందుకో అడగండి.

నేను అడిగాను. సోమవారం షాపు సేఠ్ దగ్గర గంట పర్మిషన్ తీసుకుని, ఆ ఫైలు ప్రింట్ పట్టుకుని అమీర్‌పేట వెళ్లాను. మీ ఫైలు కూడా చూపించండి సర్ అంటే వినబడనట్టు ఊరుకున్నాడు. నా కాగితాలు తిప్పి 340 దగ్గర వేలు పెట్టి, "బాగానే యాక్టివ్‌గా ఉన్నావు తమ్ముడూ" అన్నాడు.