వర్క్‌షీట్ ఫొటోలు కొనేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

హనుమకొండలో మా పాప పదకొండో తరగతి సీబీఎస్‌ఈ చదువుతోంది. రేఖీయ అసమీకరణాల మీద ప్రాక్టీస్ కోసం, వాట్సాప్‌లో ఒకాయన అమ్ముతున్న వర్క్‌షీట్ల ఫొటోలు, జవాబులతో కలిపి, 120 రూపాయలు ఫోన్‌పే చేసి తీసుకున్నాను. జిరాక్స్ తీయించి ఇచ్చాను. రెండు రోజులకు పాప "నాన్నా, నాకే లెక్క రావట్లేదేమో" అని ఏడుపు మొహంతో వచ్చింది. తీరా చూస్తే తప్పు ఉన్నది జవాబుల షీట్‌లో.

నాలుగో లెక్క చూడండి: 7 − 3x ≤ 19. రెండు వైపులా 7 తీసేస్తే −3x ≤ 12. ఇప్పుడు −3 తో భాగించాలి. ఋణ సంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడుతుంది కాబట్టి x ≥ −4 రావాలి. సంఖ్యారేఖ మీద −4 దగ్గర నిండు చుక్క, అక్కడి నుంచి బాణం కుడివైపుకి. షీట్‌లో మాత్రం x ≤ −4 అని రాసి, బాణం ఎడమవైపు గీశారు. నమ్మకం కుదరకపోతే అసలు లెక్కలో x = 0 పెట్టండి. 7 ≤ 19, నిజమే. అంటే సున్నా జవాబులో ఉండాలి, వాళ్ల గీత సున్నా దాకా రానే రాదు. పోనీ వాళ్ల గీత మీదున్న −5 పెట్టండి. 7 + 15 అంటే 22, అది 19 కన్నా ఎక్కువే కదా.

ఆరో లెక్కలో సరిగ్గా దీనికి ఉల్టా. 4x ≤ −20 అంటే x ≤ −5, ఇక్కడ భాగించేది 4 తో, గుర్తు మారకూడదు. కుడివైపు మైనస్ కనబడగానే తిప్పేసి x ≥ −5 అన్నారు! చేసినవాళ్లకి నియమం సగమే తెలుసు, అదీ తప్పు సగం.

ఫొటోల సంగతి ఇంకో తలనొప్పి. ఫోన్‌లో స్కాన్ చేసి నలుపు తెలుపు చేసేసరికి ≤ కింది గీత చాలా చోట్ల మాయమై < లాగా కనిపిస్తోంది. జిరాక్స్‌లో ఖాళీ చుక్కలు కూడా సిరా నిండి నిండు చుక్కల్లా అయిపోయాయి. తొమ్మిదో లెక్క 2x + 5 < 11 అని కనబడుతుంది, జవాబు గీతలో 3 దగ్గర నిండు చుక్క. x = 3 పెడితే 11 < 11, అది అబద్ధం. గుర్తు < అయితే చుక్క ఖాళీగా ఉండాలి. ఎగిరిపోయింది ప్రశ్నలోని గీతా, నిండిపోయింది చుక్కా? ఫొటో ఎంత పెద్దది చేసి చూసినా తేలదు.

అమ్మినాయన్ని అడిగితే "ప్రింటింగ్ మిస్టేక్ సార్" అని, డబ్బులు అడగ్గానే బ్లాక్ చేశాడు. మీరెవరైనా కొంటుంటే ముందు ఒక్క జవాబు పేజీ పంపమనండి. x ముందు మైనస్ ఉన్న లెక్క ఒకటి పట్టుకొని సున్నా పెట్టి చూడండి, నిమిషం కూడా పట్టదు. నేనది చేయలేదు. ఇప్పుడు పాప నోట్‌బుక్‌లో పదకొండు సంఖ్యారేఖలు రబ్బరుతో చెరిపి మళ్లీ గీస్తోంది.